నాలుగున్నరకి పఫ్ ట్రే: ముప్పై సెకన్ల రేడియో ప్రకటన రాసిన తీరు

విజయవాడ పటమటలో ఒక చిన్న బేకరీ కోసం ఎఫ్ఎం రేడియోకి 30 సెకన్ల ప్రకటన రాశాను. షాపు అసలు పేరు ఇక్కడ పెట్టడం లేదు. దాని పేరులోనూ పలికితే ఐదు అక్షరాలే వస్తాయి కాబట్టి ఆ చోట "మన బేకరీ" అని రాస్తున్నాను, లెక్క చెడదు. మొదటి చిత్తు నుంచి రికార్డింగ్ దాకా ఏ మాట ఎందుకు పోయిందో, దాని చోటికి ఏం వచ్చిందో చెబుతాను.

యజమాని తన కరపత్రంలోని మాటలే చదివించమని ఇచ్చారు. అవి ఇవి:

"అందరి ఆదరాభిమానాలతో ముందుకు సాగుతున్న మన బేకరీ! నోరూరించే కేకులు, పేస్ట్రీలు, వెజ్ పఫ్, ఎగ్ పఫ్, చికెన్ పఫ్, దిల్‌పసంద్, ఉస్మానియా బిస్కెట్లు, అన్నీ ఒకేచోట. అత్యంత పరిశుభ్రమైన వాతావరణంలో, నాణ్యమైన పదార్థాలతో తయారుచేయబడిన ఫ్రెష్ బేకరీ ఉత్పత్తుల కోసం నేడే విచ్చేయండి. పుట్టినరోజు కేకులు ఆర్డరుపై చేయబడును. ఎగ్ పఫ్ ఇరవై రూపాయలు మాత్రమే. పటమట రైతుబజారు వద్ద." ఆ తర్వాత పది అంకెల ఫోన్ నంబరు.

ముందు కొలత సంగతి. ఇంగ్లిష్ ప్రకటనలకి మాటలు లెక్కపెట్టే అలవాటు ఉంది. తెలుగుకి ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే "తే" ఒక మాటే, "తయారుచేయబడిన" కూడా ఒక మాటే. అందుకని నోటికి ఎన్ని అక్షరాలు వస్తాయో లెక్కపెడతాను. ఒత్తు పై అక్షరంతో కలిసి ఒకటే, సున్నా విడిగా లెక్కకి రాదు, చివర పొల్లు ఉంటే అది ముందు అక్షరంలో కలిసిపోతుంది. ఆ లెక్కన "అమ్మమ్మా" మూడు, "పఫ్" ఒకటి, "సాయంత్రం" మూడు. తెలుగులో మామూలు కబుర్లు సెకనుకి ఆరేడు అక్షరాల వేగంతో నడుస్తాయి. రేడియో ప్రకటన వినేవాడు మాత్రం వేరే పనిలో ఉంటాడు. వాడికి అందాలంటే సెకనుకి ఐదు దాటకూడదన్నది నేను పెట్టుకున్న కట్టుబాటు. 30 సెకన్లలో చప్పుళ్లకీ విరామాలకీ నాలుగు సెకన్లు తీసేస్తే 26 మిగులుతాయి, అంటే 130 అక్షరాలు.

కరపత్రాన్ని అలా లెక్కపెడితే ఫోన్ నంబరుతో కలిపి 170 దాకా వచ్చింది. ఒక్క చప్పుడు కూడా పెట్టకుండా చదివినా 34 సెకన్లు. పరుగెత్తి చదివితే 30లో ఇరుక్కుంటుంది, కానీ అప్పుడు వినపడేది మాటల వాన. చాలా ఎఫ్ఎం స్టేషన్లు పది సెకన్ల లెక్కన అమ్ముతాయి కాబట్టి 34 సెకన్లకి ఇంకో పది సెకన్ల డబ్బు కట్టాల్సి రావచ్చు. నలభై అక్షరాలు అటూ ఇటూ కత్తిరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ మొదట అదే చేసి చూశాను. ఫోన్ నంబరు, "ఆదరాభిమానాలు" తీసేశాక 130కి దగ్గరైంది, అయినా చెవికి ఏమీ మిగల్లేదు. అసలు తంటా వాక్యాల కట్టుబడిలో ఉంది.

తెలుగులో చెప్పదలచుకున్న వస్తువు విశేషణాల తర్వాత వస్తుంది, క్రియ ఇంకా చివర వస్తుంది. కాగితం మీద కన్ను ముందుకు దూకి చూసుకోగలదు, చెవికి ఆ వీలు లేదు. "అత్యంత పరిశుభ్రమైన వాతావరణంలో నాణ్యమైన పదార్థాలతో తయారుచేయబడిన ఫ్రెష్" అనేదాకా 33 అక్షరాలు, దాదాపు ఆరున్నర సెకన్లు. ఈ ఆరున్నర సెకన్లూ వినేవాళ్లు విషయం దేని గురించో తెలియకుండానే ఆ మాటలన్నీ మోయాలి. మోయరు, వదిలేస్తారు. అందుకని రేడియో వాక్యంలో వస్తువుని ముందే పడేసి, క్రియని దాని వెనకే తెచ్చేయాలి. పది పన్నెండు అక్షరాలకి ఒక క్రియ పడితే ఊపిరి కూడా అక్కడే దొరుకుతుంది. "విచ్చేయండి", "చేయబడును" లాంటివి పటమటలో ఎవరి నోటా వినిపించవు కాబట్టి అవి ఎలాగూ పోవాల్సినవే.

"ఫ్రెష్" అన్న మాటకి వేరే కారణం కూడా ఉంది. ఆహార ప్రకటనలపై కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల్లో ఈ మాటకి హద్దు గీశారు. కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం లాంటివి తప్ప వేరే ప్రాసెసింగ్ జరగని ఆహారానికే అది వాడాలి. మైదా కలిపి, మడతలు వేసి, ఓవెన్లో కాల్చిన పఫ్ దాని కిందికి రాదు. ఈ ఇబ్బంది నాకు మేలే చేసింది. "ఫ్రెష్" వినీ వినీ చెవికి మొద్దుబారిపోయిన మాట. దాని బదులు ఏ వేళకి ఓవెన్లోంచి వస్తుందో చెబితే, తాజాదనం వినేవాడే ఊహించుకుంటాడు.

అందుకని బేకరీ మాస్టర్ని అడగాల్సింది ఒక్కటే: మధ్యాహ్నం తర్వాత ఏది, ఎన్ని గంటలకి బయటికి వస్తుంది? పఫ్‌లు నాలుగు ప్రాంతంలో ఓవెన్లోకి వెళ్తాయి, పాతిక నిమిషాలు కాలతాయి, నాలుగుంబావు దాటాక నాలుగు నలభై లోపు ట్రే దిగుతుంది. పఫ్‌కి ఈ వేళ ముఖ్యం కూడా. పొరల మధ్య వెన్న లేదా మార్గరిన్‌తో మడిచిన పిండి కాలేటప్పుడు లోపలి తేమ ఆవిరై పొరల్ని లేపుతుంది. బయటికొచ్చిన కాసేపటికి కూరలోని తేమ పొరల్లోకి ఎక్కడం మొదలవుతుంది, అద్దాల పెట్టెలో మూతేసి ఉంచితే ఆవిరి పోయే దారిలేక ఇంకా తొందరగా మెత్తబడుతుంది. ఆరింటికి వచ్చినవాళ్లకి దొరికేది వేరే పఫ్. కాబట్టి ఈ షాపు గురించి 30 సెకన్లలో చెప్పదగ్గ విషయం ఒక్కటే అని తేలింది: రోజూ సాయంత్రం నాలుగున్నరకి పఫ్ ట్రే దిగుతుంది. కేకులు, దిల్‌పసంద్, ఉస్మానియా బిస్కెట్లు అన్నీ పోయాయి. యజమానికి ఇది కష్టంగానే ఉంటుంది, కానీ ఏడు సరుకులు వినిపిస్తే ఒక్కటీ గుర్తుండదు. పఫ్ కోసం వచ్చినవాళ్ల కంటికి అద్దాల పెట్టెలో మిగతావి కనపడనే కనపడతాయి.

రెండో చిత్తులో ఇద్దరు మనుషుల్ని పెట్టాను, అమ్మమ్మ, మనవడు. ఇంట్లో కూర్చుని మనవడు "అమ్మమ్మా, నాలుగున్నర అయింది!" అంటాడు, వెంటనే పఫ్ కొరికిన చప్పుడు, ఆ వెనక అమ్మమ్మ మెచ్చుకోలు. చదివితే బాగుంది. వినిపిస్తే మాత్రం ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న వేశారు: "ఇంట్లో ఉన్నోళ్లకి పఫ్ ఎక్కణ్నించి వచ్చింది?" సినిమాలో అయితే షాటు మారిందని కన్ను పట్టేస్తుంది. రేడియోలో చోటు మారిందని మాటతోనో చప్పుడుతోనో చెప్పకపోతే వినేవాడు పాత చోటులోనే ఉండిపోతాడు. చోటు మార్పు చెప్పడానికి రెండు సెకన్లు పడతాయి, అవి నా దగ్గర లేవు. అందుకని ఇద్దర్నీ మొదటి నుంచీ కౌంటరు ముందే నిలబెట్టాను.

ఇంకో పొరపాటు చప్పుళ్లతో జరిగింది. పఫ్ విరిచిన చప్పుడు ఒక్కటే వినిపిస్తే కాగితం నలిపినట్టు ఉంటుంది, కొందరికి అప్పడం అనిపిస్తుంది. వేడి ట్రే బల్ల మీద పడిన చప్పుడు గిన్నె జారిపడినట్టు ఉంటుంది. చప్పుడు దానంతటది ఏమిటో చెప్పదు, ముందొచ్చిన మాట చెబుతుంది. కాబట్టి "ట్రే వచ్చేసింది" అన్న తర్వాతే ట్రే మోగాలి, "గుడ్డు పఫ్" అన్న తర్వాతే పొర విరగాలి. ఈ ఒక్క వరుస సరిచేశాక అవే రికార్డింగులు ఎవరికీ కాగితంలా వినపడలేదు.

ఇక చెవి పొరబడే మాటల సంగతి. చిత్తుని ఫోన్లో రికార్డు చేసి, మిక్సీ తిరుగుతున్న వంటింట్లోనూ ఆటోలోనూ వినిపించి, ఏం విన్నారో చెప్పమన్నాను. "ఇరవై రూపాయలు" కొందరికి "అరవై" అయింది. మొదటి అచ్చు రొదలో మునిగిపోతే రెండింటికీ తేడా లేదు. ధర ఎలాగూ మారేదే కాబట్టి దాన్ని పూర్తిగా తీసేశాను. "వెజ్ పఫ్, ఎగ్ పఫ్" పక్కపక్కన వస్తే ఏది ఏదో తెలియలేదు. దాన్ని "కర్రీ పఫ్, గుడ్డు పఫ్" చేశాను, మన దగ్గర కూరగాయల పఫ్‌ని జనం ఎలాగూ కర్రీ పఫ్ అనే అంటారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ "పఫ్‌లు". తెలుగు నోటికి ఫ, ప దగ్గరదగ్గరే కావడంతో అది "పప్పులు" అయిపోయింది. సాయంత్రం నాలుగున్నరకి వేడివేడి పప్పులు దొరుకుతాయని విన్నవాళ్లు ఉన్నారు. అందుకని బహువచనమే వాడకుండా "పఫ్ ట్రే" అన్నాను.

"నాలుగున్నర"లో కూడా చిక్కు ఉంది. వేగంగా చదివితే "న్నర" మింగేసి "నాలుగు" అనే వినిపిస్తుంది. నాలుక ఆ "న్న" మీద ఒక క్షణం ఆగాలని స్క్రిప్టులో దాని కింద గీత గీశాను. వేళని మూడుసార్లు వచ్చేలా పెట్టడానికి కూడా అదే కారణం, ఒకసారి జారినా రెండోసారి పట్టుకుంటారు.

చివరికి రికార్డింగుకి వెళ్లిన స్క్రిప్టు ఇది. అంకెలన్నీ పలికే మాటల్లోనే రాశాను. "4.30" అని రాస్తే ఒకరు నాలుగు ముప్పై అంటారు, ఇంకొకరు ఫోర్ థర్టీ అంటారు.

మనవడు: అమ్మమ్మా, పఫ్ ఇంకా ఎంతసేపు?
అమ్మమ్మ: నాలుగున్నరకిరా. అదిగో, ట్రే వచ్చేసింది!
(చప్పుడు: వేడి ట్రే రాతి బల్ల మీద, ఒక సెకను)
మనవడు: నాకు గుడ్డు పఫ్!
(చప్పుడు: పొరలు విరగడం, ఒకటిన్నర సెకను)
అమ్మమ్మ: నిదానంరా, కాలుద్ది!
గొంతు: మన బేకరీలో రోజూ సాయంత్రం నాలుగున్నరకి పఫ్ ట్రే ఓవెన్లోంచి దిగుతుంది. కర్రీ పఫ్ ఉంది, గుడ్డు పఫ్ ఉంది. మన బేకరీ, పటమట రైతుబజారు గేటుకి సరిగ్గా ఎదురుగా.
మనవడు: అమ్మమ్మా, ఇంకోటి!
అమ్మమ్మ: తాతయ్యకి రెండు పార్సిల్ కట్టు బాబూ.
గొంతు: సాయంత్రం నాలుగున్నర. మన బేకరీ.

మొత్తం 129 అక్షరాలు. సెకనుకి ఐదు చొప్పున దాదాపు 26 సెకన్లు, రెండు చప్పుళ్లకి రెండున్నర. అంటే ఇరవై ఎనిమిదిన్నర దగ్గర ఆగుతుంది. మిగిలిన సెకనున్నర కావాలనే వదిలాను. ప్రకటనల వరుసలో తర్వాతది కాస్త ముందే ఎక్కితే తెగేది చివరి మాట, ఇక్కడ చివరి మాట షాపు పేరు.

షాపు పేరు మొదటిసారి పదో సెకను దగ్గర వస్తుంది. ఐదు సెకన్లలోపే పేరు చెప్పాలనేవాళ్లు ఉన్నారు. నేను ఇలా ఉంచడానికి కారణం, మొదటి సెకనులోనే "పఫ్" అన్న మాట పడింది, కాబట్టి ఏ సరుకు గురించో వెంటనే తెలుస్తుంది. ట్రే, చప్పుడు, కాలడం అయ్యాక "ఎక్కడ?" అన్న ప్రశ్న వినేవాడిలో పుడుతుంది, పేరు దానికి జవాబుగా వస్తుంది. అక్కణ్నించి మిగిలిన పద్దెనిమిది సెకన్లలో మూడుసార్లు వినిపిస్తుంది. పేరు పొడుగ్గా ఉంటే, అంటే ఏ పది పన్నెండు అక్షరాలో అయితే, ఈ పద్ధతి నడవదు. అప్పుడు మాటల్లో కొంత కోసి పేరుని ముందుకు తేవాలి.

"కాలుద్ది" అన్నది ఆలోచించి పెట్టిన మాటే. మొదట "కాలుతుంది" అని రాశాను. విజయవాడ అమ్మమ్మ అలా అనదు, చదువుతున్నట్టు ఉంటుంది. ఇదే ప్రకటన వరంగల్ బేకరీకి రాయాల్సి వస్తే అమ్మమ్మ మాటలన్నీ అక్కడివాళ్లతో చెప్పించి వాళ్ల నోట ఎలా వస్తే అలాగే రాసుకోవాలి. యాస ఊహించి రాయకూడదు, సొంత ఊరివాళ్ల చెవికి అది ఒక్క అక్షరంలో దొరికిపోతుంది. వేళ, చోటు చెప్పే గొంతు మాత్రం ఎవరికైనా అర్థమయ్యే మామూలు తెలుగులో ఉండాలి.

ఫోన్ నంబరు ఎందుకు లేదని యజమాని తప్పకుండా అడుగుతారు. పది అంకెలకి కనీసం ఐదు సెకన్లు పోతాయి, బండి నడిపేవాడు రాసుకోలేడు. పఫ్ కోసం ఎవరూ ఫోన్ చేయరు కూడా. పుట్టినరోజు కేకుల ఆర్డర్ల కోసమైతే అది వేరే ప్రకటన. చోటు చెప్పేటప్పుడు పెద్ద గుర్తు ముందు, చిన్న గుర్తు వెనక రావాలి: పటమట, రైతుబజారు, గేటు, ఎదురుగా. ఆ వైపు రానివాళ్లు "పటమట" దగ్గరే వదిలేస్తారు, వచ్చేవాళ్లకి ఒక్కో మాటతో కన్ను దగ్గరకి జరుగుతుంది. "ఎదురుగా" అంటే ఏ గేటుకి అని అడిగేలా ఉంటే వెళ్లి నిలబడి చూసి రాయాలి. రైతుబజారుకి గేట్లు రెండు ఉన్నచోట "కూరగాయల లారీలు ఆగే గేటు" లాంటి గుర్తు కావాలి.

రికార్డింగులో పఫ్ చప్పుడుకే ఎక్కువసేపు పట్టింది. షాపు నుంచి పొట్లం కట్టి స్టూడియోకి తెచ్చేసరికి ఆవిరికి మెత్తబడి, విరిచినా చప్పుడే రాలేదు. ట్రే దిగిన చోటే, ఐదు నిమిషాల్లోపు, ఫ్యాన్లు ఆపించి రికార్డు చేయాలి. నోటితో కొరికితే తడి చప్పుడు కలుస్తుంది, వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. చేతులతో పై పొరని మెల్లగా నొక్కి విరిస్తే పొడి చప్పుడు వస్తుంది. మైక్ జానెడు దూరంలో పెట్టి, విరిచిన పొడి దాని మీద రాలకుండా కాస్త పక్కకి తిప్పాలి. ట్రే చప్పుడులో ఫోన్ స్పీకరుకి అందేది సన్నగా మోగే గణగణ మాత్రమే, బరువుగా దబ్బుమనే శబ్దం అందులో పలకదు. అందుకని ఖాళీ ట్రే మోగించి చూసి, ఫోన్లో ఏది తెలుస్తోందో అదే ఉంచాను.

గొంతుల విషయానికొస్తే "పఫ్", "పటమట" రెండూ ప తోనే మొదలవుతాయి. నేరుగా మైక్‌లోకి పలికితే గాలి దెబ్బ దబ్‌మని వినపడుతుంది. మైక్ ముందు జాలీ ఉన్నా, నోటికి కాస్త పక్కగా మైక్ ఉంచి చదివితేనే అది పోయింది. పిల్లాడి మాట ఏదీ పది అక్షరాలు దాటకుండా రాసింది కూడా ఊపిరి కోసమే. పొడుగు వాక్యం ఇస్తే పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చదువుతారు. సంగీతం "మన బేకరీలో రోజూ" అన్నప్పుడు మొదలవుతుంది, అంతకుముందు ఉంటే చప్పుళ్లని మింగేస్తుంది.

ప్రసారం వేళ కూడా రాతతో ముడిపడిందే. నాలుగున్నరకి రమ్మంటున్నాం కాబట్టి మూడు నుంచి నాలుగున్నర మధ్య వినిపిస్తే అడుగు బయటపెట్టే వీలుంటుంది. పొద్దున వేళ వినేవాళ్లు ఎక్కువ, రేటూ ఎక్కువే, కానీ పొద్దున విన్న పఫ్ సాయంత్రానికి గుర్తుండదు. ఒప్పుకునే ముందు మాస్టర్ని ఇంకోసారి అడిగాను: కరెంటు పోయిన రోజు ఏం చేస్తారు? జనరేటర్ మీద ఓవెన్ నడుస్తుందన్నాకే "రోజూ" అన్న మాటని ఉంచాను. ఆదివారం సెలవైతే ఆ మాట తీసేయాలి, లేదా "ఆదివారం తప్ప" అని ఆరక్షరాలు ఇంకెక్కడో మిగుల్చుకోవాలి.

డబ్బు తక్కువైన వారాల కోసం ఇదే స్క్రిప్టులోంచి పది సెకన్ల ముక్క కూడా కోశాను. పిల్లాడు "అమ్మమ్మా, పఫ్ ఇంకా ఎంతసేపు?" అంటాడు, అమ్మమ్మ "అదిగో, ట్రే వచ్చేసింది!" అంటుంది, గొంతు "సాయంత్రం నాలుగున్నరకి, మన బేకరీ, పటమట రైతుబజారు ఎదురుగా" అంటుంది. 45 అక్షరాలు, తొమ్మిది సెకన్లు. ఇందులో ట్రే చప్పుడుకి విడిగా చోటు లేదు, అమ్మమ్మ మాట చివరి అక్షరం మీదే పడాలి. పెద్ద ప్రకటన రెండు వారాలైనా వినిపించాకే ఈ ముక్కని వాడమన్నాను. అప్పటికి పిల్లాడి గొంతు వినగానే మిగతాది వినేవాళ్లకి గుర్తొస్తుంది.